ఘన సమీకరణం చూసి దాని కేంద్రం ఎక్కడుందో చెప్పడం ఎలా?

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు y = (2x − 6)³ + 5 అని బోర్డు మీద రాసి, ఈ వక్రం కేంద్రం ఎక్కడని అడిగితే మూడు రకాల జవాబులు వస్తాయి. కొందరు (6, 5) అంటారు. కొందరు గుర్తు చూసి (−6, 5) అంటారు. (3, 5) అనే సరైన జవాబు చెప్పేవాళ్లు తక్కువ. నల్గొండలో అడిగినా, మహబూబ్‌నగర్‌లో అడిగినా, మా దక్షిణ తెలంగాణలో ఏ మండల కేంద్రంలో అడిగినా ఇదే వరస. వాళ్లకు లెక్క రాక కాదు. "మైనస్ ఉంటే కుడికి, ప్లస్ ఉంటే ఎడమకి" అనే సూత్రాన్ని కారణం తెలియకుండా బట్టీ పట్టారు కాబట్టి, బ్రాకెట్‌లో x ముందు ఇంకో అంకె రాగానే ఆ సూత్రం ఎలా వాడాలో తోచదు.

అసలు వక్రంతో మొదలుపెడదాం. y = x³ లో x విలువ 0 అయితే y కూడా 0. అక్కడి నుంచి కుడికి ఒక యూనిట్ జరిగితే ఎత్తు 1, రెండు యూనిట్లు జరిగితే 8, మూడు జరిగితే 27. ఎడమకి వెళ్తే అవే అంకెలు కిందివైపు వస్తాయి: −1, −8, −27. అంటే (0, 0) దగ్గర పెన్సిల్ మొన గుచ్చి, కాగితాన్ని తలకిందులయ్యేలా సగం చుట్టు తిప్పితే వక్రం మళ్లీ తన మీద తానే సరిగ్గా కూర్చుంటుంది. ఈ గుణం ఉన్న బిందువునే కేంద్రం అంటున్నాం. పాఠ్యపుస్తకాల భాషలో దీని పేరు నతి పరివర్తన బిందువు. వక్రం ఒక వైపు వంగడం ఆపి రెండో వైపు వంగడం మొదలుపెట్టేది ఇక్కడే. పారాబొలాకు శీర్షం ఎలాగో, ఘన వక్రానికి ఈ కేంద్రం అలాగ. ఇది దొరికితే మిగతా బొమ్మంతా దీని నుంచి కొలుచుకుంటూ గీయొచ్చు.

ఇప్పుడు y = (x − 2)³ సంగతి. లోపల మైనస్ ఉంది కదా, మరి వక్రం ఎడమకి కాకుండా కుడికి ఎందుకు పోతుంది? దేవరకొండ నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్ పోయే బస్సు ఒకటి రోజూ పొద్దున ఆరింటికి బయల్దేరుతుందనుకోండి. ఒకరోజు రెండు గంటలు ఆలస్యమైంది. ఆ రోజు పది గంటలకు బస్సు ఎక్కడుంటుంది? మామూలుగా ఎనిమిదింటికి ఎక్కడుండేదో అక్కడే. అంటే ఈ రోజు x గంటకు ఉన్న చోటు తెలియాలంటే, మామూలు టైంటేబుల్‌లో x − 2 దగ్గర చూడాలి. లెక్కలో రెండు తీసేశాం. బస్సు మాత్రం ప్రతి ఊరికీ రెండు గంటలు తర్వాతే చేరింది. గ్రాఫ్ మీద "తర్వాత" అంటే కుడివైపు. లోపలి మైనస్‌కి అర్థం ఇంతే: పాత వక్రంలో ఎక్కడ చూడాలో అది చెబుతుంది, కొత్త వక్రం ఎటు పోయిందో చెప్పదు.

ఇంటర్ 1బి పుస్తకంలో అక్షాల పరివర్తన పాఠం చదివినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. మూలబిందువును (h, k) కి మారిస్తే X = x − h, Y = y − k అని అక్కడ రాస్తాం. అదే పని ఇక్కడా జరుగుతోంది. y = (x − h)³ + k లో k ని ఎడమ పక్కకు తెస్తే y − k = (x − h)³ అవుతుంది, అంటే Y = X³. కొత్త మూలబిందువు దగ్గర నిలబడి చూసేవాళ్లకు ఇది పాత y = x³ వక్రమే. ఇలా రాసుకుంటే ఇంకో అనుమానం కూడా తీరుతుంది. లోపల −2 ఉంటే కుడికి, బయట +5 ఉంటే పైకి అంటే రెండు గుర్తులకు రెండు వేర్వేరు నియమాలున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఉన్నది ఒకటే నియమం. y − 5 అన్నా, x − 2 అన్నా, ఆ తీసేసిన విలువ దగ్గరే కేంద్రం ఉంటుంది. మనం 5 ని కుడి పక్క రాస్తున్నాం కాబట్టి దాని గుర్తు మారి కనిపిస్తోంది, అంతే.

కాబట్టి కుడి, ఎడమ అని బట్టీ పట్టడం మానేసి, ఒక్క ప్రశ్న వేసుకోమని పిల్లలకు చెబుతాను: బ్రాకెట్ ఎక్కడ సున్నా అవుతుంది? y = x³ లో కేంద్రం ఉన్నది ఘనం చేసే విలువ సున్నా అయినచోట. ఎంత జరిపినా, ఎంత సాగదీసినా అది మారదు. y = (2x − 6)³ + 5 లో 2x − 6 = 0 అయ్యేది x = 3 దగ్గర. అప్పుడు y = 5. కేంద్రం (3, 5). జవాబు (6, 5) అనిపిస్తే x = 6 వేసి చూడండి. బ్రాకెట్ విలువ 6, దాని ఘనం 216, y విలువ 221. కేంద్రం దగ్గర y విలువ 5 ఉండాలి. తేడా ఎక్కడుందో వెంటనే తెలిసిపోతుంది.

మరి ఆ ఆరు ఎటు పోయింది? ఇక్కడ రెండు దారులున్నాయి, రెండూ ఒక్కచోటికే చేరుస్తాయి. మొదట y = x³ ని కుడికి 6 యూనిట్లు జరిపితే y = (x − 6)³ వస్తుంది. తర్వాత x స్థానంలో 2x పెడితే వక్రం y-అక్షం వైపు సగానికి కుంచించుకుపోతుంది. వక్రంతో పాటు, అప్పటికే జరిపిన ఆరు కూడా సగమై మూడవుతుంది. రెండో దారిలో ముందే కుదించి, (2x)³ చేసి, తర్వాత x బదులు x − 3 పెడతాం. అప్పుడు (2(x − 3))³ వస్తుంది, అదే (2x − 6)³. పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు ఈ రెండు దారుల్ని కలిపేయడం: ముందు కుదించి, ఆ తర్వాత ఆరు జరుపుతారు. అలా చేస్తే వచ్చేది (2(x − 6))³, అంటే (2x − 12)³. అది వేరే వక్రం. అందుకే x ముందున్న గుణకాన్ని బ్రాకెట్ బయటికి తీసి, 2(x − 3) అని రాసుకున్నాకే ఎంత జరిగిందో చూడాలి.

ఇక సాగదీయడం గురించి. నా దృష్టిలో ఘన వక్రంలో అందరూ తొందరగా దాటేసే భాగం ఇదే. (2(x − 3))³ ని కొంచెం తెరిచి రాస్తే 8(x − 3)³. లోపలి 2 బయటికొచ్చి 8 అయింది. అంటే అడ్డంగా సగానికి కుదించడమూ, నిలువుగా ఎనిమిది రెట్లు సాగదీయడమూ ఈ వక్రం విషయంలో ఒకే పని. ఇది చెప్పినప్పుడు ఒక అమ్మాయి లేచి, "సార్, లోపల 2 ఉంటే వక్రం సన్నబడుతుందని మొన్న చెప్పారు, ఇవాళేమో నిలువుగా సాగిందంటున్నారు. పరీక్షలో ఏది రాయాలి?" అని అడిగింది. "రెండూ ఒక్కటే బిడ్డా, గీసిన వక్రం చూసి అది ఏ దారిలో వచ్చిందో ఎవరూ చెప్పలేరు" అన్నాను. సమీకరణం 8(x − 3)³ రూపంలో ఇస్తే నిలువుగా ఎనిమిది రెట్లని, (2x − 6)³ రూపంలో ఇస్తే అడ్డంగా సగమని రాయడం సహజం. రెండూ ఒకేసారి జరిగాయని రాస్తే మాత్రం తప్పు.

ఈ గుణం వల్ల మనకు పెద్ద సౌకర్యం ఉంది. లోపల ఏ అంకె ఉన్నా దాన్ని ఘనం చేసి బయటికి తెచ్చేయొచ్చు కాబట్టి, చివరికి ఇలా బ్రాకెట్ ఘనంగా ఇచ్చిన ప్రతి సమీకరణం y = a(x − h)³ + k అనే ఒకే రూపానికి వస్తుంది. కేంద్రం (h, k). వక్రం ఎంత నిటారుగా ఉందో చెప్పేది a ఒక్కటే. కేంద్రం నుంచి కుడికి ఒక యూనిట్ వెళ్తే ఎత్తు a మారుతుంది, రెండు యూనిట్లు వెళ్తే 8a, మూడు వెళ్తే 27a. ఎడమవైపు అవే మార్పులు ఎదురు గుర్తుతో వస్తాయి.

మైనస్ గుర్తు కూడా అలాగే బయటికి వచ్చేస్తుంది. (−x)³ అంటే −x³ కదా. అందుకని (4 − x)³ కనిపిస్తే అది −(x − 4)³. y-అక్షంలో అద్దం పెట్టి తిప్పినా, x-అక్షంలో తిప్పినా y = x³ వక్రానికి ఒకే ఫలితం. పారాబొలాకు ఇలా కుదరదు. దాన్ని అడ్డంగా తిప్పితే ఏమీ మారదు, నిలువుగా తిప్పితే బోర్లా పడుతుంది. వర్గానికి నేర్చుకున్న అలవాటును ఘనానికి తెచ్చి, "లోపల మైనస్ ఉన్నా ఏం కాదులే" అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

బ్రాకెట్ బయట ఉన్న గుణకం k ని తాకుతుందో లేదో కూడా చూసుకోవాలి. y = 2(x − 3)³ + 5 కి కేంద్రం (3, 5). కానీ y = 2[(x − 3)³ + 5] కి కేంద్రం (3, 10). రెండో దాంట్లో ముందు పైకి జరిపి, తర్వాత x-అక్షం నుంచి అన్ని ఎత్తుల్నీ రెట్టింపు చేశాం. అందుకే 5 కూడా రెట్టింపైంది. ఇక్కడ కూడా బట్టీ అక్కర్లేదు. x = 3 వేస్తే y ఎంతొస్తే అదే కేంద్రం ఎత్తు.

ఇప్పుడొక లెక్క పూర్తిగా చేద్దాం. కొంచెం చిక్కుగా కనిపించేదే తీసుకుందాం:

y = ¼(6 − 2x)³ + 5

బ్రాకెట్ సున్నా అయ్యేది x = 3 దగ్గర. అక్కడ y = 5. కేంద్రం (3, 5) అని రాసేసుకుందాం. ఇక a. 6 − 2x అంటే −2(x − 3). దాని ఘనం −8(x − 3)³. నాలుగో వంతు తీసుకుంటే −2(x − 3)³. అంటే సమీకరణం y = −2(x − 3)³ + 5, a విలువ −2. మైనస్ ఉంది కాబట్టి వక్రం ఎడమవైపు పైనుంచి మొదలై కుడివైపు కిందికి దిగుతుంది. కేంద్రం నుంచి కుడికి ఒక యూనిట్ వెళ్తే 2 తగ్గి (4, 3), ఎడమకి ఒక యూనిట్ వెళ్తే 2 పెరిగి (2, 7). రెండు యూనిట్లు వెళ్తే మార్పు 16. కాబట్టి కుడివైపు (5, −11), ఎడమవైపు (1, 21). y-అక్షం కేంద్రానికి మూడు యూనిట్ల ఎడమన ఉంది. మార్పు 2 × 27 = 54, ఎత్తు 59. ఇచ్చిన సమీకరణంలోనే x = 0 వేసి సరిచూస్తే 216 లో నాలుగో వంతు 54, దానికి 5 కలిపితే 59. సరిపోయింది. x-అక్షాన్ని తాకే చోటు కావాలంటే (x − 3)³ = 2.5 కావాలి. 2.5 కి ఘనమూలం 1.357 కి దగ్గర కాబట్టి x సుమారు 4.36. ఈ ఏడు బిందువులు చాలు, బొమ్మ వచ్చేస్తుంది.

గ్రాఫ్ పేపర్ మీద గీసేటప్పుడు ఒక ఇబ్బంది వస్తుంది. ఎత్తులు 59 దాకా పోతున్నాయి, కాగితం సరిపోదు. అందుకని x-అక్షం మీద ఒక సెంటీమీటరుకు 1 యూనిట్, y-అక్షం మీద ఒక సెంటీమీటరుకు 10 యూనిట్లు అని స్కేలు తీసుకుంటారు. అందులో తప్పేమీ లేదు, కానీ అలా చేసినప్పుడు మనమే వక్రాన్ని నిలువుగా పదో వంతుకు నొక్కేసినట్టు. బొమ్మ చూసి "ఇది చాలా మెల్లగా దిగుతోంది, a చిన్నదై ఉంటుంది" అనుకుంటే పొరపాటు. ఫోన్‌లో జియోజెబ్రాలాంటి యాప్‌లో ఒక అక్షాన్ని మాత్రమే వేళ్లతో జూమ్ చేసినా ఇదే జరుగుతుంది. కేంద్రం నిర్దేశాంకాలు స్కేలుతో మారవు. నిటారుదనం మాత్రం కంటికి మారినట్టు కనిపిస్తుంది. అందుకే a ని కంటితో అంచనా వేయకూడదు, అక్షాల మీది అంకెలతోనే చదవాలి.

ప్రశ్న తిరగేసి కూడా వస్తుంది. వక్రం ఇచ్చి సమీకరణం రాయమంటారు. అప్పుడు కష్టమంతా కేంద్రాన్ని గుర్తించడంలోనే ఉంది. y = x³ కేంద్రం దగ్గర వక్రం దాదాపు పడుకుని ఉంటుంది. కేంద్రం నుంచి 0.2 యూనిట్ పక్కకు జరిగితే ఎత్తు మారేది 0.008 మాత్రమే. సెంటీమీటరుకు ఒక యూనిట్ స్కేలులో అది పెన్సిల్ గీత మందం కన్నా తక్కువ. కాబట్టి కంటికి ఒక బిందువు బదులు చిన్న అడ్డగీత కనిపిస్తుంది, అందులో ఎక్కడైనా కేంద్రం ఉండొచ్చనిపిస్తుంది. ఎత్తు k మాత్రం ఆ అడ్డగీత నుంచే దాదాపు కచ్చితంగా దొరుకుతుంది. h విషయంలోనే అనుమానం.

దీనికి మందు కేంద్రానికి దూరంగా చూడటం. ఉదాహరణకు వక్రం y = 3(x + 1)³ + 2 అనుకుందాం, కానీ అది మనకింకా తెలియదు. బొమ్మలో కేంద్రం (−1, 2) అనిపించింది. అక్కడి నుంచి కుడికి రెండు యూనిట్లు, అంటే x = 1 దగ్గర ఎత్తు 26. ఎడమకి రెండు యూనిట్లు, x = −3 దగ్గర −22. రెండింటి సగటు 2. అనుకున్న k తో సరిపోయింది, కేంద్రం సరైనదే. అదే h ని పొరపాటున −0.8 అని చదివామనుకోండి. x = 1 కి అది 1.8 యూనిట్ల దూరం. అటువైపు అంతే దూరం అంటే x = −2.6, అక్కడ ఎత్తు సుమారు −10.3. సగటు 7.85 దాకా వస్తుంది, 2 రాదు. కేంద్రం దగ్గర కనిపించని 0.2 తేడా దూరంగా వెళ్లేసరికి ఇంత పెద్దదైంది. కేంద్రం ఖాయమయ్యాక a కనుక్కోవడం సులువు: కుడికి ఒక యూనిట్ వెళ్తే, x = 0 దగ్గర ఎత్తు 5, అంటే 2 నుంచి 3 పెరిగింది. a = 3.

ఇంతవరకూ సమీకరణం బ్రాకెట్ రూపంలో ఉంది. విప్పేసి ఇస్తే? y = x³ − 6x² + 12x − 5 తీసుకుందాం. (x − h)³ ని విస్తరిస్తే x³ − 3hx² + 3h²x − h³ వస్తుందని తెలుసు. ఇందులో x² గుణకం −3h. ఇక్కడ అది −6, కాబట్టి h = 2. ముందు a ఉంటే x² గుణకం −3ah అవుతుంది, దాన్ని −3a తో భాగించాలి. k కోసం x = 2 వేద్దాం: 8 − 24 + 24 − 5 = 3. కేంద్రం (2, 3). ఇక x గుణకం 3h² కావాలి, అంటే 12. ఇచ్చింది కూడా 12. కాబట్టి ఇది y = (x − 2)³ + 3, జరిపిన y = x³ వక్రమే.

ఆ ఆఖరి సరిచూపును మాత్రం వదిలేయకూడదు. ఎందుకంటే y = x³ − 6x² + 9x + 1 కి కూడా h = 2 వస్తుంది, x = 2 వేస్తే 8 − 24 + 18 + 1 = 3 వస్తుంది. కేంద్రం అదే (2, 3). కానీ x గుణకం 12 కావాల్సిన చోట 9 ఉంది, మూడు తక్కువ. అంటే ఇది (x − 2)³ − 3(x − 2) + 3. పక్కన ఒక సరళరేఖ భాగం మిగిలిపోయింది. ఈ వక్రం x = 1 దగ్గర 5 దాకా ఎక్కి, కేంద్రం మీదుగా x = 3 దగ్గర 1 కి దిగి, మళ్లీ పైకి పోతుంది. y = x³ ఎక్కడా వెనక్కి తిరగదు. దాన్ని ఎంత జరిపినా, ఎంత సాగదీసినా ఇలాంటి గుట్ట, గుంత పుట్టవు. అయినా కేంద్రం మాత్రం కేంద్రమే: 5, 1 ల సగటు 3. ప్రతి ఘన బహుపదికీ కేంద్రం ఉంటుంది, కానీ ప్రతి ఘన బహుపదీ జరిపి సాగదీసిన y = x³ కాదు.

గుట్టలున్న వక్రాన్ని కనీసం చూడగానే గుర్తుపట్టొచ్చు. మోసం చేసేది మూడో రకం. y = x³ − 6x² + 15x − 11 లో x గుణకం 12 కన్నా మూడు ఎక్కువ. ఇది (x − 2)³ + 3(x − 2) + 3. కేంద్రం మళ్లీ (2, 3). గుట్ట లేదు, గుంత లేదు, ఎడమ నుంచి కుడికి పెరుగుతూనే పోతుంది. దూరం నుంచి అచ్చం y = x³ లాగే ఉంటుంది. కానీ కేంద్రం దగ్గర ఇది పడుకోదు, అక్కడ వాలు సున్నా బదులు 3. కంటికి ఆ తేడా అందకపోతే అంకెల్ని అడగాలి. కేంద్రం నుంచి కుడికి ఒక యూనిట్ వెళ్తే ఎత్తు 1 + 3 = 4 పెరిగింది. ఇది నిజంగా y = 4(x − 2)³ + 3 అయితే రెండు యూనిట్లకు 32 పెరగాలి. లెక్కిస్తే 8 + 6 = 14 మాత్రమే పెరిగింది. రెండో యూనిట్ దగ్గరి మార్పు మొదటిదానికి సరిగ్గా ఎనిమిది రెట్లు లేకపోతే, ఆ వక్రానికి y = a(x − h)³ + k అని రాయకూడదు.